గ్రూప్ మెసేజ్‌ను నోటీసుగా మార్చిన పద్ధతి: నా అనుభవం

బెంగళూరులో మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. "రేపు నీళ్లు రావు, సంపు క్లీనింగ్. మెయింటెనెన్స్ కట్టనివాళ్లు త్వరగా కట్టండి" అని గ్రూప్‌లో పెట్టాం. కొందరు ఆ మెసేజ్ మర్నాడు చూసి, "రేపు" అంటే ఆ మరుసటి రోజనుకున్నారు. రెండో ఫ్లోర్‌లో పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక్క బకెట్ కూడా పట్టుకోలేదు. ఇంకొందరు, బాకీ ఉన్నందుకే నీళ్లు ఆపారని బాధపడ్డారు.

పెద్ద అక్షరాలు, పిన్ చేయడం, వాయిస్ మెసేజ్, ఏవీ పనిచేయలేదు.

చివరికి పద్ధతి మార్చాను. ముందుగా మెసేజ్‌ను రెండుగా విడదీశాను. నీళ్లది ఒక నోటీసు, బాకీలది ఒకటి. తర్వాత "రేపు", "త్వరగా" లాంటి మాటలన్నిటి కింద గీత గీసి, వాటి స్థానంలో తేదీ, వారం, సమయం రాశాను. మొదటిది ఇలా వచ్చింది:

"విషయం: సంపు శుభ్రత. జూన్ 14, శనివారం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఎ, బి బ్లాకులకు నీటి సరఫరా ఉండదు. దయచేసి 9 లోపు నీళ్లు పట్టుకోండి."

బాకీల నోటీసులో ఏ నెలది, ఎంత, చివరి తేదీ, ఏ ఖాతాకు అన్నవే ఉంచాను. బాకీదారుల పేర్లు రాయలేదు, ఎవరికి వారికి విడిగా పంపాం. రెండింటికీ నంబరు, తేదీ, సెక్రటరీ సంతకం పెట్టి లిఫ్ట్ పక్కన అతికించి, అదే ఫోటో గ్రూప్‌లో పెట్టాం.

ఆ శనివారం నీళ్ల గురించి ఒక్క ఫోనే వచ్చింది. వందల ఫ్లాట్లున్నచోట ఇది సరిపోతుందో లేదో చెప్పలేను. పైగా అద్దెకుండేవాళ్ల బాకీ నోటీసు ఓనర్‌కూ పంపాలి, మేం మొదట అది మర్చిపోయాం.