ఫియాట్ తెర మీద లేన్ సహాయం, టైరు హెచ్చరిక, సర్వీసు గుర్తు: సమస్య, కారణం, పరిష్కారం

ఇటలీలో కొత్త ఫియాట్ కొన్నవారికి, అద్దెకు తీసుకున్నవారికి టచ్‌స్క్రీన్ మెనూ తరచుగా ఇటాలియన్‌లోనే ఎదురవుతుంది. "Impostazioni" అంటే అమరికలు, "Lingua" అంటే భాష. ముందుగా అక్కడికి వెళ్లి మీకు చదవవచ్చే భాషను ఎంచుకుంటే, అర్థంకాని మాట మీద వేలు పెట్టి ఏదో ఒకటి మార్చేసే ప్రమాదం తప్పుతుంది.

ఆపేసిన లేన్ సహాయం మర్నాడు మళ్లీ ఆన్ అవుతోంది

కారు తన లేన్ గీత దాటబోతే స్టీరింగును సరిచేసే లేన్ సహాయం ఇలా తిరిగి రావడం లోపం కాదు. యూరోపియన్ యూనియన్ 2019/2144 నిబంధన ప్రకారం 2024 జులై 7 నుంచి అక్కడ కొత్తగా రిజిస్టరయ్యే కార్లన్నిటిలో అత్యవసర లేన్ సహాయం, వేగ పరిమితి హెచ్చరిక తప్పనిసరి. వీటిని డ్రైవరు ఆపవచ్చు గానీ, ఇంజను మళ్లీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ అవి తిరిగి పనిలోకి రావాలని నిబంధనే చెబుతోంది. కాబట్టి శాశ్వతంగా ఆపే మార్గం కోసం మెనూలో వెతకనక్కర లేదు. ఇబ్బంది పెట్టే ప్రయాణంలో మాత్రమే ఆపుకోవడమే మార్గం.

తెర మీది లేన్ సహాయం మీట బూడిద రంగులోకి మారి వేలికి స్పందించకపోయినా, "అందుబాటులో లేదు" అన్న అర్థంలో సందేశం వచ్చినా, ముందుగా లోపలి అద్దం వెనుక, ముందు గాజుకు పైభాగంలో ఉండే కెమెరాను అనుమానించాలి. మంచు, పొగమంచు తేమ, మురికి ఆ చోట గాజును కప్పితే కెమెరాకు రోడ్డు మీది గీతలు కనిపించవు. గాజు శుభ్రం చేశాక కూడా సందేశం పోకపోతే, ఈ మధ్య ముందు గాజు మార్పించారేమో గుర్తు చేసుకోండి. గాజు మార్చాక కెమెరాను మళ్లీ సరిచూసి అమర్చే పని సర్వీసు కేంద్రంలో జరగాలి, అది ఇంటి దగ్గర చేసుకోగలిగేది కాదు.

టైరు గుర్తు వెలిగింది, రీసెట్ నొక్కినా కొన్ని రోజులకు మళ్లీ వస్తోంది

నా దృష్టిలో ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. మీ తెర నాలుగు టైర్లకూ విడివిడిగా అంకెలు చూపిస్తే, చక్రాల లోపల ఒత్తిడిని కొలిచే సెన్సర్లున్నట్టు. అంకెలేవీ లేకుండా "Reset" మీట మాత్రమే ఉంటే, ఆ కారు సాధారణంగా గాలిని నేరుగా కొలవదు. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కాస్త చిన్నదై మిగిలినవాటికంటే వేగంగా తిరుగుతుంది; బ్రేకుల ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడాను పట్టుకుంటాయి. రీసెట్ నొక్కడమంటే "ఇప్పుడున్నదే సరైన గాలి, దీన్నే కొలబద్దగా పెట్టుకో" అని కారుకు చెప్పడం. తగ్గిన గాలితో అలా చెబితే, కారు ఆ తగ్గిన స్థితినే సరైనదిగా నమ్ముతుంది.

టొరీనోలో ఉంటున్న మా మిత్రుడికి సరిగ్గా ఇదే జరిగింది. నవంబరులో శీతాకాలపు టైర్లు వేయించుకున్న వారానికి గుర్తు వెలిగింది. చలికి గాలి తగ్గి ఉంటుందనుకుని ఆయన రీసెట్ నొక్కారు. ఆ ఆలోచనలో కొంత నిజం ఉంది, ఎందుకంటే ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే ఒత్తిడి సుమారు 0.1 బార్ తగ్గుతుంది. కానీ చలి నాలుగు టైర్లనూ దాదాపు ఒకేలా తగ్గిస్తుంది. పది రోజులకు గుర్తు మళ్లీ వచ్చినప్పుడు, కారు రాత్రంతా నిలిపి ఉన్నాక గేజీ పెట్టి చూశాం. మూడు టైర్లలో 2.2 బార్, కుడి వెనుక దాంట్లో మాత్రం 1.6. టైర్ల దుకాణంలో, అంటే అక్కడివారు "గొమ్మిస్తా" అనేచోట, ఆ చక్రాన్ని నీళ్లలో ముంచితే వాల్వు మొదలు దగ్గర సన్నటి బుడగలు వరుసగా లేచాయి. వాల్వు మార్చి, గాలి నింపి, ఆ తర్వాత రీసెట్ చేశాక గుర్తు మళ్లీ రాలేదు.

వరుస ఇదే కావాలి: టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవడం, డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కరు లేదా మాన్యువల్ చెప్పినంత నింపడం, కారు నిలిపి ఉంచి రీసెట్ నొక్కడం, తర్వాత మామూలు రోడ్ల మీద కొంతసేపు నడిపి వ్యవస్థను నేర్చుకోనివ్వడం. టైర్లు మార్చినా, చక్రాల స్థానాలు మార్చినా ఇదే వరుస. గుర్తు మొదట నిమిషం పాటు మిణుకుమని ఆ తర్వాత స్థిరంగా వెలిగితే, సమస్య టైరుది కాదు, వ్యవస్థదే; దాన్ని సర్వీసులో చూపించాలి.

సర్వీసు చేయించినా గుర్తు పోలేదు

ఇటలీలో నిర్ణీత సర్వీసును "tagliando" అంటారు. ఈ గుర్తు నూనె నాణ్యతను కొలిచి రాదు, కిలోమీటర్లనూ రోజులనూ లెక్కబెట్టి వస్తుంది. అందుకే తక్కువ తిరిగిన కారులోనూ ఏడాది గడిస్తే కనిపిస్తుంది. సర్వీసు తర్వాత కూడా ఉందంటే, దాదాపు ఎప్పుడూ కారణం మెకానిక్ లెక్కను సున్నా చేయకపోవడమే. చాలా నమూనాల్లో ఆ పని డయాగ్నొస్టిక్ పరికరంతో చేస్తారు కాబట్టి, బిల్లు చూపించి చేయించుకోండి. బిల్లులో నూనె, ఫిల్టర్ల మార్పు నమోదయిందో లేదో అక్కడే చదవండి. అద్దె కారైతే దాన్ని మీరు ముట్టుకోకుండా, తెర ఫోటో తీసి అద్దెకిచ్చినవారికి పంపండి.