అమ్మకాలు పడిపోయాయా, ట్యాగ్ పాడైందా? ఒక్క పూటలో తేల్చుకోవడం ఎలా

బరంపురంలో అప్పడాలు, ఊరగాయలు, పట్టుచీరలు అమ్మే షాపుల్లో చాలావాటికి ఇప్పుడు సొంత వెబ్‌సైట్లున్నాయి. కొనేవాళ్లలో ఎక్కువమంది విశాఖలోనో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. వాళ్ల కోసం గూగుల్‌లో యాడ్స్ నడుస్తుంటాయి. ఒకరోజు పొద్దున్నే గూగుల్ అనలిటిక్స్ తెరిచేసరికి కొనుగోళ్ల గీత నేలకి ఆనుకుని ఉంటుంది. షాపు పెద్దాయన వెంటనే "బాబూ, పండగ అయిపోయింది కదా, ఇక జనం కొనరు. యాడ్స్ ఆపేద్దాం" అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ యాడ్స్ ఆపేముందు, పడిపోయింది అమ్మకాలా, లేక అమ్మకాల లెక్కా అన్నది చూడాలి.

ఈ లెక్క రాసేది ట్యాగ్ అనే చిన్న కోడ్ ముక్క. డబ్బు కట్టాక "మీ ఆర్డర్ అందింది" అని చూపే పేజీ తెరుచుకున్నప్పుడు, అది అనలిటిక్స్‌కి `purchase` అని కబురు పంపుతుంది. ఆ పేజీ తెరుచుకోకపోయినా, దాని అడ్రస్ మారినా కబురు వెళ్లదు. ఆర్డర్ మాత్రం వచ్చే ఉంటుంది, డబ్బూ బ్యాంకులో పడే ఉంటుంది.

ముందు షాపు పుస్తకం తెరవండి

మొదటి పని అనలిటిక్స్‌లో కాదు, వెబ్‌సైట్ ఆర్డర్ల పేజీలో. గత పది రోజులకి రోజుకెన్ని ఆర్డర్లు వచ్చాయో ఒక షీట్‌లో రాసుకుని, పక్కన అనలిటిక్స్ చూపిన `purchase` సంఖ్య వేయండి. రెండూ ఎప్పుడూ అచ్చంగా కలవవు. యాడ్ బ్లాకర్లు వాడేవాళ్లుంటారు. ఫోన్‌పే లాంటి యాప్‌లో డబ్బు కట్టేసి మళ్లీ బ్రౌజర్‌కి రాకుండా వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. కాబట్టి లెక్కలో కొంత లోటు మామూలే. మీ షాపుకి మామూలుగా ఎంత లోటు ఉంటుందో తెలుసుకోవడం ముఖ్యం.

రోజుకి నలభై ఆర్డర్ల దాకా వచ్చే ఒక ఊరగాయల షాపు అనుకుందాం. దాని లెక్క ఇలా ఉంది.

| రోజు | షాపు ఆర్డర్లు | అనలిటిక్స్ లెక్క | ఎంత శాతం |
|---|---|---|---|
| ఆదివారం | 41 | 36 | 88 |
| సోమవారం | 39 | 34 | 87 |
| మంగళవారం | 40 | 25 | 63 |
| బుధవారం | 38 | 13 | 34 |

రెండో నిలువు వరసలో పెద్ద మార్పేమీ లేదు. జనం ఎప్పటిలాగే కొంటున్నారు. కూలింది మూడో నిలువు వరస. గిరాకీ నిజంగా తగ్గి ఉంటే రెండు వరసలూ కలిసి దిగేవి, చివరి వరస మాత్రం 87 దగ్గరే ఉండేది. నేనైతే ఆ శాతాన్ని మించిన సాక్ష్యం వెతకను.

ఈ పోలికలో మోసపోయే చోట్లు రెండున్నాయి. అనలిటిక్స్ లెక్క పూర్తిగా తయారవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, కాబట్టి నిన్నటి సంఖ్య చూసి టెన్షన్ పడకండి. రెండోది, అనలిటిక్స్ ప్రాపర్టీ టైమ్ జోన్ అమెరికాదే ఉండిపోతే మన మంగళవారం వాళ్ల సోమవారంలో సగం కలిసిపోయి రోజువారీ పోలిక అంతా తప్పుతుంది. `Admin`లో ఒకసారి చూసి ఇండియా టైమ్‌కి మార్చుకోండి. అయితే మార్చిన రోజు నుంచే అది పనిచేస్తుంది, పాత రోజులు అలాగే ఉంటాయి.

గూగుల్ యాడ్స్‌లో చూసేవాళ్లకి ఇంకో తిరకాసు. యాడ్స్ ఒక అమ్మకాన్ని కొన్న రోజు ఖాతాలో కాకుండా, యాడ్ నొక్కిన రోజు ఖాతాలో వేస్తుంది. సోమవారం యాడ్ నొక్కి గురువారం కొంటే అది సోమవారం కింద చేరుతుంది. అందుకే చివరి మూడు నాలుగు రోజులు ఎప్పుడు చూసినా బక్కగానే కనిపిస్తాయి. `Conversions (by conv. time)` అనే కాలమ్ పెట్టుకుంటే కొన్న రోజు లెక్క కనిపిస్తుంది.

ఏ గంటలో పడిందో చూడండి

శాతం పడిపోయిన మొదటి రోజుని గంటల వారీగా విడదీయండి. మన షాపులో మంగళవారం సాయంత్రం నాలుగింటి వరకు 22 ఆర్డర్లు వస్తే 19 లెక్కకి ఎక్కాయి. నాలుగు దాటాక 18 వస్తే ఆరే ఎక్కాయి. గిరాకీ ఇలా గడియారం చూసుకుని తగ్గదు. పండగ వెళ్లిపోయినా, ధర పెంచినా, పక్క షాపు ఆఫర్ పెట్టినా, అది రెండు మూడు రోజుల మీద జారుతుంది.

తుపాను లాంటి సందర్భాలు వేరు. 2018 అక్టోబర్ 11న తిత్లీ గంజాం, గజపతి జిల్లాలని కుదిపేసినట్టు వస్తే, అంతా ఒక్కరోజులోనే ఆగిపోవచ్చు. కానీ అప్పుడు సైట్‌కి వచ్చేవాళ్లు, బుట్టలో వేసుకునేవాళ్లు, కొనేవాళ్లు అందరూ తగ్గుతారు. ట్యాగ్ పాడైతే పై మెట్లన్నీ మామూలుగా ఉండి ఆఖరి మెట్టు ఒక్కటే విరుగుతుంది. అనలిటిక్స్‌లో `add_to_cart`, `begin_checkout`, `purchase` మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తెలిసిపోతుంది.

ఇక్కడ తొందరపడి తీర్పు ఇవ్వకూడదు. పేమెంట్ గేట్‌వే పనిచేయకపోయినా బొమ్మ అచ్చం ఇలాగే ఉంటుంది: చెక్‌అవుట్ దాకా వస్తారు, కొనుగోలు ఉండదు. అయితే అప్పుడు నష్టం నిజమైనది. తేడా మళ్లీ షాపు పుస్తకంలోనే తెలుస్తుంది. ఊకామర్స్ అనే షాపు సాఫ్ట్‌వేర్ మీద నడిచే సైటైతే ఆర్డర్ల పేజీలో `Pending payment`, `Failed` అని పేరుకుపోయి ఉంటాయి. `Processing` ఆర్డర్లు ఎప్పటిలాగే వస్తుంటే డబ్బు వస్తున్నట్టే, లెక్కే రావట్లేదు.

ఏ రకం ఆర్డర్లు మాయమయ్యాయి?

ప్రతి ఆర్డర్‌కీ ఒక నంబర్ ఉంటుంది. సరిగ్గా పెట్టిన ట్యాగ్ ఆ నంబర్‌ని `transaction_id`గా పంపుతుంది. షాపు జాబితానీ, అనలిటిక్స్‌లోని ఈ నంబర్ల జాబితానీ పక్కపక్కన పెట్టి, లెక్కకి ఎక్కని ఆర్డర్లు వేరు చేయండి. వాటిని డబ్బు కట్టిన పద్ధతిని బట్టి, ఫోనా కంప్యూటరా అన్నదాన్ని బట్టి, బ్రౌజర్‌ని బట్టి విడదీసి చూడండి.

బుధవారం వచ్చిన 38లో క్యాష్ ఆన్ డెలివరీవి 15, ముందే డబ్బు కట్టినవి 23. లెక్కకెక్కిన 13 మొత్తం క్యాష్ ఆన్ డెలివరీవే. ముందే కట్టినవాటిలో ఒక్కటీ లేదు. అంటే ట్యాగ్ బతికే ఉంది, ఆన్‌లైన్‌లో కట్టేవాళ్లు వెళ్లే దారిలోనే ఏదో మారింది.

మంగళవారం నాలుగింటికి ఏం జరిగిందో ఇప్పుడు అడగాలి. ట్యాగ్‌లని నడిపే గూగుల్ ట్యాగ్ మేనేజర్‌లో `Versions` పేజీ ఎవరు ఎప్పుడు ఏం పబ్లిష్ చేశారో చూపిస్తుంది. అక్కడ ఏమీ లేకపోతే సైట్‌లో ప్లగిన్లు, థీమ్ అప్‌డేట్లు చూడండి. "ఏమైనా మార్చారా?" అని అడిగితే సైట్ చూసే కుర్రాడు "ఏం మార్చలేదన్నా" అంటాడు. "మంగళవారం సాయంత్రం ఏం ప్లగిన్ వేశావు?" అని అడిగితే చెబుతాడు. మన షాపులో ఆ సాయంత్రం కొత్త పేమెంట్ ప్లగిన్ పెట్టారు.

ఒక ఆర్డర్ మీరే పెట్టి చూడండి

ఇక చేత్తో పట్టుకోవడమే మిగిలింది. క్రోమ్‌లో సైట్ తెరిచి F12 నొక్కి, `Network`లోకి వెళ్లి, `Preserve log` టిక్ చేసి, ఫిల్టర్‌లో `collect` అని టైప్ చేయండి. తర్వాత చౌకైన సరుకొకటి తీసుకుని నిజంగానే డబ్బు కట్టండి. క్యాష్ ఆన్ డెలివరీతో పరీక్షిస్తే ఇక్కడ తప్పు దొరకదు, ఏ దారి విరిగిందో ఆ దారినే నడవాలి.

డబ్బు కట్టాక `g/collect` అనే వరస ఒకటి రావాలి. అందులో `en=purchase` కనిపించాలి. కొన్నిసార్లు రెండు మూడు ఈవెంట్లు కలిపి పంపుతుంది కాబట్టి అడ్రస్‌లో లేకపోతే `Payload`లో కూడా వెతకండి. ఎక్కడా లేకపోతే కబురు వెళ్లలేదన్నట్టే. ట్యాగ్ మేనేజర్ వాడే సైటైతే `Console`లో ఇది వేసి చూడండి:

```
dataLayer.filter(e => e.event === "purchase")
```

ఖాళీ బ్రాకెట్లు వస్తే, ఆర్డర్ వివరాలు సైట్ నుంచే రావట్లేదు. వివరాలు వచ్చి కూడా కబురు వెళ్లకపోతే తప్పు ట్యాగ్ మేనేజర్‌లో ఉంది.

మన షాపులో ఖాళీ బ్రాకెట్లే వచ్చాయి. అడ్రస్ బార్ చూస్తే సంగతి తెలిసింది. ఊకామర్స్ మామూలుగా `/checkout/order-received/` పేజీకి తీసుకెళ్తుంది. ఆర్డర్ వివరాలు అందించేది ఆ పేజీయే, ట్యాగ్‌ని కదిలించే ట్రిగ్గర్ ఎదురుచూసేదీ దానికోసమే. కొత్త ప్లగిన్ మాత్రం డబ్బు కట్టినవాళ్లని తన సొంత `/payment-success/` పేజీకి పంపుతోంది.

చాలామంది ఇక్కడ ట్రిగ్గర్‌లో కొత్త అడ్రస్ రాసేసి పని అయిపోయిందనుకుంటారు. ఆ పేజీలో ఆర్డర్ నంబర్, మొత్తం లేవు కాబట్టి ట్యాగ్ ఖాళీ చేతులతో వెళుతుంది. `transaction_id` ఖాళీ గళ్లుగా వెళితే అనలిటిక్స్ అవన్నీ ఒకే ఆర్డర్ అనుకుని కలిపేస్తుంది. ప్లగిన్ సెట్టింగ్స్‌లో తిరిగివెళ్లే పేజీని మళ్లీ `order-received`కి మార్చడమే సరైన పని. మార్చాక ఇంకో ఆర్డర్ పెట్టి, ఆ వరస వచ్చిందో లేదో చూడండి.

ఆలస్యం చేస్తే అబద్ధం నిజమవుతుంది

గూగుల్ యాడ్స్‌లో యాడ్‌కి ఎంత పెట్టాలో దానంతటదే తేల్చే స్మార్ట్ బిడ్డింగ్ నడుస్తుంటే అది ఈ లెక్కనే నమ్ముతుంది. కొనుగోళ్లు లేవని చూసి బిడ్లు తగ్గిస్తుంది, యాడ్ తక్కువమందికి కనిపిస్తుంది. వారం పది రోజులయ్యేసరికి షాపు పుస్తకంలో కూడా ఆర్డర్లు తగ్గుతాయి. అప్పుడు వచ్చి చూసినవాళ్లకి రెండు వరసలూ దిగినట్టే కనిపించి, "గిరాకీ లేదు" అన్న మాటే నిలబడుతుంది. అందుకే ఎంత తగ్గిందన్నదానికంటే ఏది ముందు తగ్గిందో చూడాలి. లెక్క ముందు పడి, ఆర్డర్లు తర్వాత పడితే మూలం ట్యాగే.

ట్యాగ్ బాగుచేశాక యాడ్స్‌లో `Data exclusions` పెట్టండి. లెక్క తప్పిన రోజులని బిడ్డింగ్ పట్టించుకోకుండా ఇది చేస్తుంది. ఇక్కడ ఇచ్చేవి యాడ్ నొక్కిన తేదీలు. మంగళవారం నుంచి గురువారం దాకా అమ్మకాలు నమోదు కాకపోతే, అంతకు ముందు రెండు మూడు రోజుల్లో యాడ్ నొక్కి ఆ రోజుల్లో కొన్నవాళ్లూ పోయినట్టే. మీ షాపులో నొక్కినప్పటి నుంచి కొనేదాకా మామూలుగా ఎన్ని రోజులు పడుతుందో చూసి, మొదటి తేదీని అంత వెనక్కి జరపండి.