ముల్లు పచ్చలో ఉంటే చాలదు: ఎండలు ముదిరేలోపు మీ ఫైర్ సిలిండర్ ఏ రకమో తెలుసుకోండి

ఈమధ్య ఒక కాంప్లెక్స్ కింద ఉన్న బజ్జీల కొట్టులో నూనె మూకుడు అంటుకుంది. మెట్ల పక్కన గోడకు రెండు ఎర్ర సిలిండర్లు ఉన్నాయి. ఒకదానికి మీటరు ఉంది, ముల్లు పచ్చ భాగంలో నిలబడి ఉంది. రెండోదానికి మీటరే లేదు. పరిగెత్తుకొచ్చిన కుర్రాడు మీటరు లేనిది ఖాళీది అనుకున్నాడు. ముల్లు పచ్చలో ఉన్నదాన్ని తీసుకుపోయి, పిన్ను పీకి, మూకుడులోకి సూటిగా కొట్టాడు. అది 9 లీటర్ల నీళ్ల సిలిండర్. మంట ఒక్కసారిగా కప్పుదాకా లేచింది. కాలిన చేతులతో ఆ అబ్బాయి ఆసుపత్రి పాలయ్యాడు.

ఆ సిలిండర్‌లో లోపం ఏమీ లేదు, సరిగ్గానే పనిచేసింది. దాన్ని ఎంచుకోవడంలోనే తప్పు జరిగింది. అంటుకున్న నూనె వేడి 300 డిగ్రీలు దాటి ఉంటుంది. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి అడుగుకు దిగి, దిగిన క్షణంలోనే ఆవిరవుతాయి. ఆవిరికి నీళ్లకంటే దాదాపు 1,700 రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ ఆవిరి తన పైనున్న నూనెనంతా తుంపరలుగా ఎగజిమ్ముతుంది. ప్రతి తుంపరా మండుతూనే బయటికొస్తుంది.

సిలిండర్ల విషయంలో జనాన్ని ముంచే తప్పు ఇదే. మీటరు ఒక్కటే చూస్తారు. ముల్లు చెప్పేది లోపల ఒత్తిడి ఉందా లేదా అన్నంతవరకే. లోపల నీళ్లున్నాయో, పౌడరు ఉందో, నురగ ఉందో ముల్లుకు తెలియదు. మీ ముందున్న మంటకు అది పనికొస్తుందో లేదో అసలే తెలియదు.

ముందు అక్షరాలు, తర్వాత పట్టీ

మన దగ్గర ఏ రకమైనా సిలిండర్ ఒళ్లంతా ఎరుపే. అందుకే దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా లేబుల్ మీద ఉంటుంది. అక్కడ A, B, C అని పెద్ద అక్షరాలు, పక్కన చిన్న బొమ్మలు ఉంటాయి. A అంటే కట్టె, కాగితం, బట్ట లాంటివి. B అంటే పెట్రోలు, డీజిలు, థిన్నర్ లాంటి ద్రవాలు. C అంటే గ్యాస్. వంటనూనెకు విడిగా F అని గానీ K అని గానీ ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడ C అంటే కరెంటు మంట, గ్యాస్ B కిందికే వస్తుంది. ఇక్కడి అలవాటుతో అక్కడి లేబుల్ చదవకండి.

లేబుల్ చుట్టూ గానీ దాని పైన గానీ రంగు పట్టీ ఉంటుంది. నీలం పట్టీ పౌడరుకు, నలుపు కార్బన్ డయాక్సైడ్‌కు, మీగడ రంగు నురగకు, పసుపు వంటనూనె మంటల కోసం చేసిన ద్రావణానికి. ఆకుపచ్చ సాధారణంగా సర్వర్ గదుల్లో పెట్టే శుభ్రమైన వాయువుకు. ఏ పట్టీ లేకుండా మొత్తం ఎరుపే ఉంటే నీళ్లదని అనుమానించండి. పట్టీని పూర్తిగా నమ్మకండి కూడా. కొన్ని కంపెనీలు పట్టీ వేయవు, తుప్పు పట్టిందని మళ్లీ రంగు కొట్టించినప్పుడు పట్టీ దాని కింద మాయమైపోతుంది. పట్టీ చూశాక మూతితో సరిపోల్చుకోండి.

మూతి దాదాపుగా అబద్ధం చెప్పదు

లోపలున్నది బయటికి ఎలా రావాలో దాన్నిబట్టే మూతి తయారవుతుంది, అందుకే దాన్ని నమ్మొచ్చు.

వెడల్పాటి నల్ల బూర ఉంటే అది కార్బన్ డయాక్సైడ్. చిన్న 2 కిలోల దానికి బూర నేరుగా తలకే ఉంటుంది, 4.5 కిలోల దానికి గొట్టం చివర ఉంటుంది. దీనికి మీటరు ఉండదు. ఉండకపోవడమే సరైనది. లోపల వాయువు ద్రవంగా మారి ఉంటుంది, అది సగం అయిపోయినా ఒత్తిడి పెద్దగా తగ్గదు, కాబట్టి మీటరు పెట్టినా ఏమీ తెలియదు. తూకం వేసి చూడటమొక్కటే దారి. సిలిండర్ మెడ దగ్గర ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. 4.5 కిలోల గ్యాస్‌లో పదో వంతు, అంటే 450 గ్రాములకు మించి తగ్గితే రీఫిల్‌కు పంపాలి. కిరాణా కొట్టు కాటా చాలు.

సన్నని గొట్టం, చివర మామూలు సన్న మూతి, తల మీద మీటరు ఉంటే అది పౌడరు కావచ్చు, నీళ్లూ కావచ్చు. ఆ కుర్రాడు దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. ఈ రెంటినీ మూతితో విడదీయలేం, అక్షరాలు చదవాల్సిందే. లేబుల్ మీద A ఒక్కటే ఉంటే నీళ్లది. A, B, C మూడూ ఉంటే పౌడరు. నీళ్ల సిలిండర్ ఎక్కువగా 9 లీటర్లది, లేబుల్ మీద కొలత లీటర్లలో ఉంటుంది. పౌడరుకు కిలోల్లో ఉంటుంది.

మూతి కాస్త లావుగా ఉండి పక్కన గాలి పీల్చే రంధ్రాలుంటే నురగ. పొడవాటి స్టీలు కడ్డీ ఉండి చివర షవర్‌లా ఉంటే అది వంటనూనెది. నూనె చిందకుండా దూరం నుంచి మెల్లగా కురిపించడానికే ఆ కడ్డీ. ఆ ద్రావణం నూనె మీద సబ్బులాంటి పొర కట్టి, నూనెను చల్లబరుస్తుంది కూడా. వేపుడు పెద్ద ఎత్తున జరిగే ప్రతి వంటశాలలో ఉండాల్సింది ఇదే. తక్కువచోట్ల కనిపించేదీ ఇదే.

మీటరు లేదు, బూరా లేదు, తల మీద గుండీలాంటి మూత ఉంది అంటే లోపల చిన్న గ్యాస్ కార్ట్రిడ్జ్ ఉన్న రకం. అది కూడా ఖాళీది కాదు. మూత తీసి గుండీని కొడితేనే ఒత్తిడి పుడుతుంది.

ఏ మంటకు ఏది

బజ్జీల కొట్టుకే మళ్లీ వద్దాం. మెట్ల దగ్గరున్న రెండో సిలిండర్ కార్బన్ డయాక్సైడ్‌ది. అది తెచ్చి ఉంటే పని జరిగేదా? జరిగేది కాదు. దగ్గర నుంచి కొడితే ఆ వేగానికే నూనె చిందుతుంది, పైగా అది నూనెను చల్లార్చదు. మంట ఆరినట్టే ఆరి, నూనె ఇంకా వేడిగా ఉండటంతో మళ్లీ అంటుకుంటుంది. మామూలు పౌడరుతోనూ అదే చిక్కు. ఆ కాంప్లెక్స్‌లో ఎవరో నీళ్లది కాగితాలు, ఫర్నిచరు కోసం, కార్బన్ డయాక్సైడ్‌ది ప్యానెల్ బోర్డు కోసం పెట్టారు. కింద బజ్జీల కొట్టు వచ్చినప్పుడు దానికి తగింది ఎవరూ పెట్టలేదు. అక్కడ చేయాల్సింది రెగ్యులేటర్ కట్టేయడం, వెడల్పాటి మూతో పళ్లెమో పక్క నుంచి జరుపుతూ మూకుడు మీద కప్పడం, నూనె పూర్తిగా చల్లారేదాకా దాన్ని తీయకపోవడం.

ప్యానెల్ బోర్డు, ఏసీ, మోటారు లాంటివాటికి ముందు మెయిన్ ఆఫ్ చేయాలి. తర్వాత కార్బన్ డయాక్సైడ్, అది లేకపోతే పౌడరు. పౌడరు మంటను ఆర్పుతుంది గానీ ఆ సామాను మళ్లీ పనికిరాకపోవచ్చు. నీళ్లూ నురగా కరెంటు దగ్గరికి తేకూడదు. ధార గుండా కరెంటు మీ చేతికి వస్తుంది. ముల్లు పచ్చలో ఉన్నా సరే, నీళ్లది నీళ్లదే.

పరుపులు, పుస్తకాలు, బట్టల మూటలకు కార్బన్ డయాక్సైడ్ చాలదు. పైన ఆరి లోపల రాజుకుంటుంది. అక్కడ నీళ్లదే మేలు, లేదా పౌడరు.

గ్యాస్ బండ మూతి దగ్గర మండుతుంటే సిలిండర్ తీసుకోకముందే గ్యాస్ కట్టేయగలరా అని చూడండి. కట్టకుండా మంట ఒక్కటే ఆర్పితే గ్యాస్ గదంతా నిండి, ఏ నిప్పురవ్వ తగిలినా పేలుతుంది.

ఈ-స్కూటర్ బ్యాటరీకి మీ గోడ మీదున్న ఏదీ సరిపోదు. మంట ఆరినా లోపలి సెల్స్ వేడెక్కుతూనే ఉంటాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ల షోరూమ్ అంటుకుంటే, పైనున్న లాడ్జిలో 8 మంది పోయారు. సెల్లార్‌లో బ్యాటరీ అంటుకుంటే జనాన్ని బయటికి పంపండి, 101కు ఫోన్ చేయండి.

ఇక మిగిలినవి, ఈ వారంలోనే చేయండి:

- మీ అపార్టుమెంట్‌లో ప్రతి సిలిండర్ అక్షరాలూ చదవండి. వాచ్‌మన్ చేతా చదివించండి. అతనికి చదువు రాకపోతే బూర, కడ్డీ, సన్న మూతి తేడా చేత్తో పట్టించి చూపండి.
- వంటగది దగ్గర A ఒక్కటే ఉన్న సిలిండర్ ఉంటే అక్కడి నుంచి తీసేయండి.
- ముల్లు ఎర్రలో ఉంటే రీఫిల్. ఎడమ ఎరుపైనా, కుడి ఎరుపైనా.
- ముల్లు పచ్చలో ఉన్న పౌడరు సిలిండర్‌నూ నెలకోసారి తలకిందులు చేయండి. లోపల పౌడరు జారుతున్నట్టు తెలియాలి. గడ్డకట్టి ఉంటే ఒత్తిడి ఎంతున్నా పౌడరు రాదు, గాలే వస్తుంది.
- పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కకండి. పౌడరు రేణువులు వాల్వులో ఇరుక్కుని ఒత్తిడి కొద్దికొద్దిగా పోతుంది. ఒక్క క్షణం వాడినా రీఫిల్ చేయించాల్సిందే.
- మీటరు లేదని బూర సిలిండర్‌ను పక్కన పడేయకండి. తూచండి.
- బూరను చేత్తో పట్టుకోవద్దు. వాయువు మైనస్ 78 డిగ్రీల చలితో వస్తుంది, చర్మం అతుక్కుంటుంది. పిడి పట్టుకోండి.
- చిన్న గదిలో బూర సిలిండర్ కొట్టాక లోపల నిలబడకండి. ఊపిరాడదు.
- 6 కిలోల పౌడరు కొన్ని సెకన్లే వస్తుంది. గురి చూసుకున్నాకే నొక్కండి. వీపు తలుపు వైపు ఉండాలి.
- రీఫిల్‌కు ఇచ్చినప్పుడు తిరిగొచ్చినదాని అక్షరాలు చూడండి. పోయింది పౌడరు, వచ్చింది నీళ్లది కాకూడదు.
- లేబుల్ చిరిగిపోయి ఏ రకమో తేలని సిలిండర్‌ను మంట మీద వాడకండి. ముల్లు పచ్చలో ఉన్నా వాడకండి. సర్వీసింగ్‌కు పంపి కొత్త లేబుల్ వేయించండి.