రేకు పని నేర్చుకుందాం – 6వ పాఠం: పాప్ రివెట్‌కు బెజ్జం ఎంత, పొడవు ఎంత?

కిందటి పాఠంలో రేకు మీద గీత గీసి, కోసి, అంచు మడవడం దాకా వచ్చాం. ఈసారి రెండు రేకులను పాప్ రివెట్లతో కలుపుదాం. అందుకు ఒక పనిని ఎదురుగా పెట్టుకుందాం. ఒక ఇనుప ఎయిర్ కూలర్ పక్క పలక అడుగు భాగం తుప్పు తినేసింది. ఆ మేరకు కోసేసి, 24 గేజ్ జీఐ రేకుతో అతుకు వేయాలి. పలక వెడల్పు 600 మి.మీ. రెండు చివర్లలో పలక వెనక 3 మి.మీ. మందం, 25 మి.మీ. వెడల్పు ఉన్న ఎల్ యాంగిల్ కాళ్ళున్నాయి. మధ్యలో మాత్రం రేకు మీద రేకే. అతుకు చిన్నదే అయినా, ఒకే సైజు రివెట్‌తో ఇది పూర్తి కాదు. ఎందుకో తెలియాలంటే రివెట్ లోపల ఏం జరుగుతుందో ముందు చూడాలి.

పాప్ రివెట్‌లో రెండు భాగాలుంటాయి. ఒకటి, పైన టోపీ ఉన్న బోలు గొట్టం. మనం మామూలుగా వాడే దాంట్లో ఇది అల్యూమినియం. రెండోది ఆ గొట్టం గుండా పోయే ఉక్కు మేకు. మేకు కొసన ఉన్న గుండు గొట్టం లోపలి రంధ్రం కన్నా లావుగా ఉంటుంది. రివెట్ గన్ మేకును పట్టి లాగినప్పుడు ఆ గుండు గొట్టం అడుగులోకి చొచ్చుకొస్తూ దాన్ని వెడల్పు చేస్తుంది. రేకు వెనక, మన చెయ్యి పోని చోట, రెండో టోపీ ఏర్పడుతుంది. రెండు టోపీల మధ్య రేకులు బిగుసుకున్నాక గుండు ఇక కదలలేదు. లాగే బలం పెరిగి, మేకులో ముందే సన్నగా చేసి ఉంచిన చోట టప్పున తెగుతుంది. మేకు ఎంత బలానికి తెగాలో తయారీలోనే నిర్ణయమైపోయింది, గన్‌ను ఎంత గట్టిగా నొక్కినా అది మారదు. కాబట్టి బిగింపు బాగా రావాలంటే మన చేతిలో ఉన్నవి రెండే: బెజ్జం సైజు, రివెట్ పొడవు.

ముందు బెజ్జం. 3.2 మి.మీ. రివెట్‌కు 3.3 మి.మీ. బెజ్జం కావాలి. 4 మి.మీ. రివెట్‌కు 4.1, 4.8 మి.మీ. రివెట్‌కు 4.9. అంటే రివెట్ కన్నా 0.1 మి.మీ. ఎక్కువ, మహా అయితే 0.2. మన కూలర్ రేకుకు 3.2 మి.మీ. రివెట్ సరిపోతుంది, దుకాణంలో దీన్ని 1/8 అని కూడా అంటారు. 3.3 బిట్ ప్రతి దుకాణంలో దొరకదు. దొరకకపోతే 3.2 బిట్ తీసుకోండి. చేతి డ్రిల్‌తో పల్చటి రేకులో కొడితే బెజ్జం బిట్ కన్నా కాస్త పెద్దదే పడుతుంది కాబట్టి చాలాసార్లు సరిపోతుంది. దాని బదులు 3.5 బిట్ మాత్రం వాడకండి. రివెట్ సులువుగా దిగుతుందని చాలామంది చేసే తప్పు అదే. బెజ్జం పెద్దదైతే గొట్టం ముందు ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, వెనక టోపీ కావాల్సిన లోహం అక్కడే ఖర్చైపోతుంది. రివెట్ ఒక పక్కకు ఒరుగుతుంది, కొన్నాళ్ళకు ఫ్యాన్ అదురుకు వదులై గిర్రున తిరుగుతుంది.

బెజ్జం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి కొలత పరికరం అక్కర్లేదు. తుక్కు రేకులో ఒక బెజ్జం కొట్టి, రివెట్‌ను వేలితో నెట్టండి. టోపీ దాకా దిగాలి, కానీ పక్కలకు కదిపితే ఆడకూడదు. సుత్తితో కొడితే గానీ దిగకపోతే బెజ్జం చిన్నది. అయితే ఇది కొత్త, పదునైన బిట్‌కే వర్తిస్తుంది. మొద్దుబారిన బిట్ పల్చటి రేకులో గుండ్రటి బెజ్జం చేయదు, మూడు మూలల ఆకారం చేస్తుంది. రేకు వెనక చెక్క ముక్క ఆనించి కొడితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

ఇక పొడవు. రివెట్ పొడవంటే టోపీ కింది నుంచి గొట్టం చివరి వరకే. మేకు గుండును కలపకూడదు. ప్రతి పొడవుకూ ఒక పట్టు పరిధి ఉంటుంది. దుకాణంలో దీన్ని గ్రిప్ రేంజ్ అంటారు. కలపబోయే మొత్తం మందం ఎంత నుంచి ఎంత దాకా ఉంటే ఆ రివెట్ సరిగ్గా బిగుస్తుందో చెప్పే రెండు అంకెలు అవి. మామూలు గుండ్రటి టోపీ అల్యూమినియం రివెట్లలో 3.2 × 6 సైజుకు సాధారణంగా 1.5 నుంచి 3.5 మి.మీ., 3.2 × 8 సైజుకు 3.5 నుంచి 5 మి.మీ. ఉంటుంది. కంపెనీని బట్టి కొద్దిగా తేడా వస్తుంది కాబట్టి డబ్బా మీద అచ్చేసిన అంకెలదే చివరి మాట.

విడిగా కొన్నప్పుడు డబ్బా ఉండదు. అప్పుడు మొత్తం మందానికి రివెట్ వ్యాసాన్ని కలపండి. వచ్చిన పొడవుకు దగ్గరి సైజు రివెట్ చాలాసార్లు సరిపోతుంది. వ్యాసానికి ఒకటిన్నర రెట్లు కలపాలనే లెక్క కూడా వింటుంటాం. సుత్తితో కొట్టే గట్టి రివెట్లకు అది సరిపోతుంది గానీ, పాప్ రివెట్‌కు వాడితే తరచూ అవసరాన్ని మించిన పొడవు వస్తుంది.

ఇప్పుడు కూలర్ లెక్క వేద్దాం. 24 గేజ్ రేకు మందం సుమారు 0.6 మి.మీ. పాత పలక కూడా అంతే అనుకుందాం. కొలిచేటప్పుడు పాత రంగు, తుప్పు పొర గీకేసి, రెండు రేకులను క్లాంప్‌తో నొక్కి కొలవాలి. లేకపోతే రంగు మందం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. కాలి దగ్గర అతుకు 0.6, పలక 0.6, యాంగిల్ 3, మొత్తం 4.2 మి.మీ. ఇక్కడ 3.2 × 8 సరిగ్గా సరిపోతుంది. ఇంకా కింద, పాత పలక లేని చోట, అతుకూ యాంగిలూ కలిపి 3.6 మి.మీ. అదీ 3.5 దాటింది కాబట్టి అదే రివెట్ చాలు.

మధ్య భాగంలో రెండు రేకులే, అంటే 1.2 మి.మీ. 8 పొడవు రివెట్ ఇక్కడ పూర్తిగా తప్పు, 6 పొడవుకు కూడా కనీస పట్టు 1.5 కావాలి. 4 మి.మీ. పొడవు రివెట్ దొరికితే అదే మేలు, దాని పరిధి సుమారు 0.5 నుంచి 1.5. దొరకకపోతే 3.2 × 6 తీసుకుని, వెనక పక్క ఒక చిన్న వాషర్ తొడగండి. వాషర్ మందం 0.8 అయితే మొత్తం 2 మి.మీ. అవుతుంది, పరిధిలోకి వచ్చేస్తుంది. పల్చటి రేకు మీద పడే ఒత్తిడిని వాషర్ వెడల్పుగా పంచుతుంది కూడా. కాకపోతే లోపలి నుంచి ఒకరు వాషర్‌ను పట్టుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు కూలర్ ప్లగ్ తీసేయండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. అతుకును పలక మీదికి 20 మి.మీ. ఎక్కించి, అంచు నుంచి 10 మి.మీ. లోపలికి గీత గీయండి. బెజ్జం మధ్య నుంచి రేకు అంచు వరకు కనీసం రివెట్ వ్యాసానికి రెండు రెట్లు, అంటే 6.4 మి.మీ. ఉండాలి. అంతకన్నా తగ్గితే రేకు చిరుగుతుంది. చివరి రివెట్లు యాంగిల్ మధ్యన పడాలి కాబట్టి పలక అంచు నుంచి 12 మి.మీ. దగ్గర గుర్తు పెట్టండి. మిగిలిన 576 మి.మీ.ని 36 మి.మీ. చొప్పున పంచితే వరుసకు 17 రివెట్లు. అందులో చివరి రెండూ 8 పొడవువి, మిగతా 15 పొట్టివి. రెండు పొడవులను వేరు వేరు గిన్నెల్లో పెట్టుకోండి.

గుర్తు మీద సెంటర్ పంచ్‌తో చిన్న దెబ్బ వేసి, రెండు రేకులనూ కలిపి ఒకేసారి బెజ్జం కొట్టండి. యాంగిల్‌లో కొట్టేటప్పుడు ఒక చుక్క నూనె వేసి, నెమ్మదిగా, గట్టిగా నొక్కాలి. ముందు ఒక చివర, తర్వాత రెండో చివర, తర్వాత నడుమ బెజ్జం కొట్టి, ఒక్కోదాంట్లో 3 మి.మీ. బోల్టు బిగించండి. అప్పుడు రేకు జరగదు, ఉబ్బదు. మిగతావన్నీ కొట్టాక బోల్టులు తీసి రేకులను విడదీయండి. రెంటి మధ్య పేరుకున్న పొట్టును, బెజ్జం అంచున లేచిన ముళ్ళను పెద్ద బిట్‌ను చేత్తో తిప్పి తీసేయండి. ఈ పని మానేస్తే రేకుల మధ్య సందు మిగిలిపోతుంది. రివెట్‌కు ఆ సందును నొక్కి మూసేంత బలం ఉండదు. తర్వాత మళ్ళీ రేకులను కలిపి, అదే వరుసలో మూడు బోల్టులూ బిగించి, ఆ తర్వాతే రివెట్లు కొట్టాలి. బోల్టులున్న బెజ్జాలను ఆఖరున నింపండి.

గన్‌కు 3.2 ముక్కు బిగించండి. పెద్ద ముక్కు పెడితే టోపీ మధ్యన లోహం పైకి లేస్తుంది. టోపీ బయట పల్చటి రేకు వైపు, వెనక టోపీ యాంగిల్ వైపు రావాలి. గన్‌ను నిటారుగా నొక్కి, టోపీ కింద వెంట్రుక సందు కూడా లేకుండా చూసి, అప్పుడు పిడి నొక్కండి.

తెగిన మేకును చూస్తే పొడవు సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. తెగిన మొన టోపీలో సమానంగానో కాస్త లోపలగానో ఉంటే బాగుంది. టోపీ మీదికి పొడుచుకొచ్చిందంటే గుండు ఎక్కువ దూరం పైకి లాగబడింది, అంటే రివెట్ మరీ పొడవు లేదా బెజ్జం పెద్దది. మొన గొట్టంలో బాగా లోతుగా ఉంటే గుండు పెద్దగా కదలనే లేదు, రివెట్ పొట్టి. దాని వెనక టోపీ చిన్న అంచులా ఉంటుంది, గట్టిగా లాగితే బెజ్జంలోంచి ఊడి వస్తుంది.

తప్పు పడితే తీయడం కష్టం కాదు. మేకు మొనను సన్నటి పంచ్‌తో లోపలికి కొట్టి, 3.3 బిట్‌తో టోపీని మాత్రమే కోయండి. మిగతాది వెనక్కి రాలిపోతుంది. రివెట్ బిట్‌తోపాటు తిరుగుతుంటే టోపీ అంచును ప్లయర్‌తో పట్టుకోవాలి. బెజ్జం పెద్దదైపోయి ఉంటే దాన్ని 4.1కి సాపు చేసి, 4 మి.మీ. రివెట్ వేయండి. కాలి దగ్గరి 4.2 మందానికి 4 × 8 సరిపోతుంది, దాని పరిధి సుమారు 3 నుంచి 5.

ఒక్క హద్దు గుర్తుంచుకోండి. నీరు నిలిచే మట్టానికి కింద ఈ రివెట్లు వేయకండి. గొట్టం బోలు, మేకు చుట్టూ నీరు కారుతుంది, లోపల మిగిలిన ఉక్కు ముక్క తుప్పు పట్టి గోధుమ రంగు చారలు దించుతుంది. తొట్టికి వాడే అడుగు మూసిన రివెట్లు, సీలెంట్ వచ్చే పాఠంలో. ఈలోగా 0.6 రేకు ముక్కలు రెండు తీసుకుని, వాషర్‌తో ఐదు, వాషర్ లేకుండా ఐదు 3.2 × 6 రివెట్లు కొట్టి, రేకులను ఒలిచి చూడండి.