గ్వాన్షీ, మియెన్‌జ: తెలుగు బిజినెస్ వ్యాసంలో ఈ మాటల్ని ఎలా రాయాలి?

చైనా వ్యాపారం గురించి రాసేవాళ్లు గ్వాన్షీని 'సంబంధం' అని, మియెన్‌జని 'పరువు' అని మార్చేస్తుంటారు. వాక్యం హాయిగానే చదువుకోవచ్చు, కానీ ఆ బేరం ఎందుకు కుదిరిందో, ఎందుకు చెడిందో మాత్రం అర్థం కాదు.

1. ముందు ఆ మాట మామూలు అర్థంలో ఉందేమో చూడండి. చైనీస్‌లో 'ఫర్వాలేదు' అనడానికి 'మెయ్ గ్వాన్షీ' అంటారు, అంతర్జాతీయ సంబంధాలు అన్నచోట కూడా ఇదే గ్వాన్షీ. అక్కడ నిక్షేపంగా అనువదించేయండి.

2. తర్వాత క్రియ పెట్టి చూడండి. తెలుగులో పరువు పోతుంది, పరువు తీస్తారు, కాపాడుకుంటారు, కానీ ఎవరూ ఎవరికీ పరువు 'ఇవ్వరు'. చైనాలో మియెన్‌జ ఇస్తారు, అదీ రోజూ. మనకి దగ్గరగా ఉన్నది "నా మొహం చూసైనా ఈ పని చేసిపెట్టు" అనే మాట, దాదాపు అచ్చంగా అదే వాళ్లూ అంటారు. ఇంకో చిక్కుంది. హూ శ్యెన్‌జిన్ అనే మానవశాస్త్రవేత్త 1944లోనే చూపించినట్టు, చైనీస్‌లో నీతికి సంబంధించిన పరువు 'ల్యెన్', హోదావల్ల, సాధించినదానివల్ల వచ్చేది మియెన్‌జ. మన 'పరువు' రెండింటినీ కలిపేస్తుంది, ఇంగ్లీషు 'ఫేస్' కూడా అంతే. అందుకే ఇంగ్లీషులో రాసేవాళ్లు కొందరు అసలు మాటనే ఉంచేస్తారు.

3. మూలపదం ఉంచాలనుకుంటే, నిర్వచనం కాకుండా ఒక సంఘటన చెప్పండి. ఉదాహరణకి, చైనాలోని ఈవూ హోల్‌సేల్ మార్కెట్‌లో మీకు కొత్త వ్యాపారి ఒకాయన ఉన్నాడనుకుందాం. ఇద్దరికీ తెలిసిన మధ్యవర్తి భోజనానికి పిలిచి, "నాకు మియెన్‌జ ఇవ్వండి" అంటే ఆయన రేటు తగ్గిస్తాడు. ఆ తగ్గింపు మీకోసం కాదు, మధ్యవర్తి కోసం. ఇక ఆ మధ్యవర్తి ఆయనకి ఒక సాయం బాకీ పడ్డాడు. రేపు మీరు ఆర్డర్ రద్దు చేస్తే వ్యాపారికి డబ్బు నష్టం, మధ్యవర్తికి మాత్రం మియెన్‌జ పోతుంది, మళ్లీ మీ తరఫున నోరు విప్పడు. ఇచ్చిపుచ్చుకునే ఈ బాకీల లెక్కతో నడిచేదే గ్వాన్షీ. 'పలుకుబడి' అంటే ఒక మనిషి దగ్గర ఉండేది, గ్వాన్షీ ఇద్దరి మధ్య ఉండేది. ఈ తేడా ఒక్కసారి చెప్పాక, వ్యాసమంతా అదే మాట వాడండి.

4. నేరాన్ని గ్వాన్షీ అని రాయకండి. చైనాలో అధికారుల పిల్లలకి ఉద్యోగాలిచ్చి వ్యాపారం తెచ్చుకున్న కేసులో జేపీ మోర్గాన్ బ్యాంకు 2016లో అమెరికాకి సుమారు 26.4 కోట్ల డాలర్లు కట్టింది. దాన్ని గ్వాన్షీ అంటే తప్పంతా ఒక సంస్కృతి మీదికి నెట్టేసినట్టు అవుతుంది. అక్కడ 'లంచం' అనే రాయాలి, తెలుగులో ఆ మాటకేం కొరత లేదు.

5. ఇక స్పెల్లింగ్. guanxi అన్న ఇంగ్లీషు అక్షరాలు చూసి 'గుయాంక్సి' అని రాసేస్తుంటారు. చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి అయిన పిన్‌యిన్‌లో x అంటే 'ష'కి దగ్గరి ధ్వని, కాబట్టి గ్వాన్షీ.