ఫొటోలో మబ్బు ఎంతో లెక్కగట్టే ముందు జాగ్రత్తలు

- ముందు ఆకాశం కానిదాన్ని తీసేయండి. చెట్లు, గోడలు, తీగలు లెక్కలోకి రాకూడదు. ఫొటోను 100 గళ్లుగా విభజించారనుకుందాం. 20 గళ్లలో భవనాలున్నాయి, 30 గళ్లలో మబ్బు, 50 గళ్లు నీలం. మబ్బు వాటా 30/100 కాదు, 30/80. అంటే 37.5 శాతం. వాతావరణ పరిశీలకులు వాడే ఎనిమిదో వంతుల లెక్కలో ఇది సరిగ్గా 3. భవనాలను కలిపేస్తే 2.4 వచ్చి, 2గా నమోదవుతుంది.

- సగం మబ్బు, సగం నీలం ఉన్న గడిని ఏమనాలో ముందే తేల్చుకోండి. సగానికి మించితేనే మబ్బు అనుకుంటే చాలు, కానీ మధ్యలో నియమం మార్చకండి.

- సూర్యుడి చుట్టూ ఉండే తెల్లని వెలుగును నమ్మకండి. గళ్లను కంటితో కాక కంప్యూటర్‌తో లెక్కిస్తే, అది సాధారణంగా ఎరుపు, నీలం విలువల నిష్పత్తి చూస్తుంది: మబ్బులో రెండూ దాదాపు సమానం, నిర్మలాకాశంలో నీలం బాగా ఎక్కువ. సూర్యుడి దగ్గర, దుమ్ము పట్టిన దిగంతం దగ్గర మబ్బు లేకున్నా ఈ తేడా తగ్గిపోతుంది. సూర్యుణ్ని ఏ స్తంభం వెనకో దాచి ఫొటో తీయడం మేలు. పలచని పింఛ మేఘాలతో చిక్కు ఇందుకు తలకిందులు: వాటిలోంచి నీలం కనిపించి, నిర్మలమని లెక్కపడతాయి. అక్కడ కంటి తీర్పే నయం.

- దిగంతం దగ్గరి మబ్బుల పక్కభాగాలు కూడా కనిపిస్తాయి కాబట్టి ఖాళీలు మూసుకుపోయి మబ్బు ఎక్కువగా తోస్తుంది. మామూలు ఫోను ఫొటో ఆకాశంలో ఒక ముక్కే. వచ్చిన అంకె పక్కన ఏ దిక్కున, ఎంత ఎత్తుకు గురిపెట్టారో రాయండి.