కేస్ సమ్మరీ రాయడం నేర్చుకుందాం, 4వ భాగం: "మందులు మానేశాడు" అన్న ఒక్క ముక్క

పోయిన మూడు భాగాల్లో హిస్టరీ తీసుకోవడం, ఇంట్లోవాళ్ళు చెప్పింది విడిగా రాసుకోవడం, మానసిక స్థితి పరీక్ష చూశాం కదా, ఈసారి అవన్నీ కలిపి చివర్లో రాసే పది లైన్ల సమ్మరీ. పది లైన్లే గానీ తర్వాత డ్యూటీకొచ్చే డాక్టరు చదివేది చాలాసార్లు ఇదొక్కటే, రాత్రి రెండింటికి ఎమర్జెన్సీలో నిలబడి పన్నెండు పేజీల ఫైలు ఎవరూ తిరగెయ్యలేరు. అందుకే ఇందులో పడ్డ తప్పు మాట ఫైలు మారినా, ఆసుపత్రి మారినా ఆ మనిషి వెనకాలే తిరుగుతుంది.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, పని అంతా కోనసీమ, భీమవరం వైపే. కింద ఉన్న కేసు ఒక మనిషిది కాదు, ఇన్నేళ్ళలో చూసిన చాలామందిని కలిపి కట్టాను, కాబట్టి ఎవరా అని వెతక్కండి.

42 ఏళ్ళాయన. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా, గట్టు మీద షెడ్డులోనే ఉంటారు. రెండేళ్ళ కిందట స్కిజోఫ్రేనియా అని చెప్పి ఒలాంజపిన్ 10 మిల్లీగ్రాములు రాత్రి పూట వేసుకోమన్నారు, బాగానే ఉన్నారు. ఇప్పుడు మూడు వారాలుగా నిద్రలేదు, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడుతోంది, ఓనరు పంపే టిఫిన్‌లో ఏదో కలుపుతున్నారంటున్నారు. అన్నయ్యగారు బండి మీద తీసుకొచ్చారు. మొదట చూసినవాళ్ళు రాసిన సమ్మరీ ఇది:

"నోన్ స్కిజోఫ్రెనిక్, నాన్ కంప్లయంట్. ఓనర్ మీద పారనాయిడ్. వయొలెంట్. సూసైడల్ ఆలోచనలు డినై చేస్తున్నాడు. ఇన్‌సైట్ నిల్. ఫ్యామిలీకి మూఢనమ్మకాలు."

చదవడానికి చాలా ప్రొఫెషనల్‌గా ఉంది, అదే ప్రమాదం. ఇలాంటివి నేనూ కొన్నేళ్ళు రాశాను, అప్పుడు ఇందులో తప్పేముందో నాకు కనపడలేదు.

ముందు ఆ "నాన్ కంప్లయంట్" పట్టుకుందాం, ఈ భాగంలో ఎక్కువసేపు దానిమీదే ఉంటాను. ఆ మాట చదవగానే చెప్పినమాట వినని మనిషి కళ్ళముందుకొస్తాడు, అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. కానీ ఆయన్ని కూర్చోబెట్టి "మాత్ర ఎప్పట్నించి ఆపారండీ, ఆపిన రోజు ఏమైంది" అని అడిగితే వచ్చిన జవాబు ఇది: "మాత్రేసుకుంటే లేవలేనండి, తెల్లారగట్ల ఏరియేటర్ ఆగిపోయినా తెలీదండి, రొయ్యంతా తేలిపోద్ది, ఒకసారలా అయితే జీతంలో కోసేశారండి."

చెరువులపక్క పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారుజాముకి బాగా అడుగంటుతుంది, కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే ఆ టైములో కాపలా మనిషి లేచి జనరేటర్ వెయ్యాలి. ఒలాంజపిన్‌కి మత్తు బాగా ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి మాత్ర వేసుకుని మూడింటికి లేచి చెరువు చూడమంటే అది ఆయన మొండితనం సమస్య కాదు, మందు టైముకీ డ్యూటీ టైముకీ పొత్తు కుదరకపోవడం. పైగా ఏడాదిలో 9 కిలోలు బరువు పెరిగారు, అదీ ఎవరూ రాయలేదు.

ఇప్పుడు రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టండి. "నాన్ కంప్లయంట్" అని చదివిన డాక్టరుకి తోచేది మందు ఖచ్చితంగా ఒంట్లోకి వెళ్ళే ఏర్పాటు, అంటే నెలకోసారి ఇంజక్షనో, ఇంట్లోవాళ్ళ చేత బలవంతంగా మింగించడమో. "రాత్రి డ్యూటీలో మత్తు వల్ల రెండు నెలల కిందట ఆపేశారు, 9 కిలోలు పెరిగారు" అని చదివిన డాక్టరు రోజుకోసారి వేసే ఈ మాత్ర టైము మారిస్తే సరిపోతుందా, మత్తూ బరువూ తక్కువుండే వేరే మందు చూడాలా, డ్యూటీ పగటికి మారుతుందా అని ఆలోచిస్తారు. జబ్బు అదే, మనిషి అదే, ట్రీట్‌మెంట్ దారే మారిపోయింది. కాబట్టి మందు ఆపినవాళ్ళ గురించి రాసేటప్పుడు నాలుగు సంగతులు ఉన్నాయో లేదో చూసుకోండి: ఏ మందు ఎంత డోసు, ఎప్పుడు ఆపారు, ఆయన చెప్పిన కారణం, ఆపాక మొదటి లక్షణం ఎన్ని రోజులకి వచ్చింది. ఆఖరిది చాలామంది వదిలేస్తారు. మన కేసులో మందు ఆపి రెండు నెలలు, నిద్ర పోయింది మూడు వారాల కిందట, అంటే మధ్యలో అయిదు వారాలు బాగానే గడిచాయి, ఈయన జబ్బు తిరగబెట్టే తీరు ఎలా ఉంటుందో రేపు చూసేవాళ్ళకి అది ఉపయోగపడే సమాచారం.

తర్వాత "ఓనర్ మీద పారనాయిడ్". ఇక్కడ రెండు వేరే సంగతులు ఒక మాటలో ఇరుక్కుపోయాయి. ఓనరు రెండు నెలల జీతం ఆపేశాడన్నది ఒకటి, టిఫిన్‌లో విషం కలుపుతున్నాడన్నది ఇంకొకటి. మొదటిది అన్నయ్యగారిని విడిగా అడిగితే నిజమేనన్నారు. రెండోదానికి ఆయన చెప్పే ఆధారం ఇడ్లీ రంగు తేడాగా ఉండటం, అదే టిఫిన్ తిన్న పక్క షెడ్డు కుర్రాడికి ఏమీ కాలేదని చెప్పినా నమ్మకం కదల్లేదు. భ్రమ అని రాయాలంటే ఇంత వివరం ఉండాలి, ఆ నమ్మకం ఏంటి, దేన్నిబట్టి, ఎదురు ఆధారం చూపిస్తే ఏమన్నారు అని. జీతం గొడవని కూడా జబ్బులో కలిపేస్తే రేపు ఆయన లేబర్ ఆఫీసుకెళ్ళినా "అదంతా ఆయన జబ్బండీ" అనేస్తారు, మన ఫైలే సాక్ష్యమవుతుంది.

"వయొలెంట్" సంగతి చూడండి. అడిగితే తేలిందేంటంటే 15 రోజుల కిందట సాయంత్రం టిఫిన్ డబ్బా విసిరేశారు, నేలకేసి, ఎవరికీ తగల్లేదు, చేతిలో కత్తీ కర్రా ఏమీ లేవు, అంతకుముందు ఇలాంటిది ఎప్పుడూ లేదు. ఆ ఒక్క మాట చదివి క్యాజువాలిటీలో ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళని పిలిచి చేతులు పట్టించారు, భయంతో ఉన్న మనిషి ఇంకా భయపడ్డారు. ఏంటి, ఎప్పుడు, ఎవరి మీద, దేంతో, ఎలా ఆగింది అనేవి రాస్తే చాలు, విశేషణం అక్కర్లేదు.

"డినై చేస్తున్నాడు" అంటే కోర్టులో ముద్దాయి లాగా ఉంటుంది, ఏదో దాస్తున్నాడనే వాసన వస్తుంది. అడిగాం, లేవన్నారు, ఆయన మాటల్లో ఇలా అన్నారు అని రాయండి, సరిపోతుంది. దాస్తున్నారని మీకు నిజంగా అనుమానముంటే దాన్ని మాట వెనక దాచకుండా ఎందుకో రాయండి.

"ఇన్‌సైట్ నిల్" కూడా అంతే, ఇన్‌సైట్ అంటే తనకి జబ్బుందన్న ఎరుక. ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడ్ వెయ్యమంటారు, వెయ్యండి, కానీ పక్కన ఒక వాక్యం పెట్టండి. ఈయన నిద్రలేకపోవడం జబ్బేనంటున్నారు, దానికి మాత్ర వేసుకుంటానంటున్నారు, గొంతులు మాత్రం నిజమేనంటున్నారు. ఇది నిల్ ఎలా అవుతుంది? మాట కలపడానికి తలుపు నిద్ర దగ్గర తెరిచే ఉంది. ఇక ఇంట్లోవాళ్ళు తాయెత్తు కట్టించిన సంగతి, జరిగింది జరిగినట్టు రాయండి, "మూఢనమ్మకం" అన్నది మన తీర్పు. దానివల్ల ఆసుపత్రికి రావడం ఎన్ని రోజులు ఆలస్యమైందో అది రాస్తే పనికొస్తుంది, ఇక్కడ వారం.

సరే, తిరగరాసింది చూడండి:

"42 ఏళ్ళ వ్యక్తి, రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా పని. రెండేళ్ళుగా స్కిజోఫ్రేనియాకి వైద్యంలో ఉన్నారు, ఒలాంజపిన్ 10 మి.గ్రా.తో లక్షణాలు తగ్గి పని చేసుకుంటున్నారు. తెల్లవారుజామున లేవలేకపోవడం వల్ల రెండు నెలల కిందట మందు ఆపానని చెప్పారు. ఏడాదిలో 9 కిలోల బరువు పెరిగారు. మూడు వారాలుగా రాత్రికి రెండు గంటలే నిద్ర. ఇద్దరు మగవాళ్ళ గొంతులు తన గురించి మాట్లాడుకుంటున్నట్టు రోజూ వినపడుతోంది. ఏదైనా చెయ్యమని ఆజ్ఞాపించడం లేదన్నారు. టిఫిన్‌లో విషం కలుపుతున్నారని గట్టిగా నమ్ముతున్నారు, ఎదురు ఆధారం చెప్పినా మారలేదు. రెండు నెలల జీతం బాకీ నిజమేనని అన్న చెప్పారు. 15 రోజుల కిందట టిఫిన్ డబ్బా నేలకేసి కొట్టారు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, గతంలో ఇలాంటివి లేవని అన్న చెప్పారు. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగాం, 'విసుగొస్తంది గానీ చచ్చిపోవాలని లేదండి' అన్నారు. మూడు రోజులుగా అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు తప్ప ఏమీ తీసుకోవడం లేదు. తాయెత్తు కట్టించి వారం చూశాక తీసుకొచ్చారు. నిద్రకి మందు వేసుకోవడానికి ఒప్పుకుంటున్నారు. అభిప్రాయం: మందు ఆగాక స్కిజోఫ్రేనియా తిరగబెట్టడం."

తిండి సంగతి గమనించారా? పాత సమ్మరీలో అసలు లేదు. ఈయన విషయంలో ఇప్పటికిప్పుడు అన్నిటికంటే పెద్ద ప్రమాదం అదే, విషమని నమ్మి అన్నం మానేశారు, "వయొలెంట్" అన్న ముద్ర కింద అది కనపడకుండా పోయింది.

ఇక్కడొక హెచ్చరిక, కొత్తగా నేర్చుకున్నవాళ్ళు రెండోవైపు కూడా పడతారు. గౌరవంగా రాయాలని "కొంత ఇబ్బంది పడుతున్నారు, ఆహారం విషయంలో సందేహాలున్నాయి" అని రాస్తారు. అది గౌరవం కాదండి, సమాచారం ఎగ్గొట్టడం. గొంతులు ఆజ్ఞాపిస్తుంటే ఆజ్ఞాపిస్తున్నాయనే రాయాలి, కత్తి పట్టుకుంటే కత్తి పట్టుకున్నారనే రాయాలి. నేను వాడే పరీక్ష ఒకటే, ఆయన పక్కన కూర్చుని ఈ కాగితం చదివి వినిపిస్తే "విషం సంగతి నేనొప్పుకోనండి, కానీ నేనన్నది అదేనండి" అనగలగాలి. ఇది ఊహ కూడా కాదు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ సెక్షన్ 25 ప్రకారం పేషెంటుకి తన వైద్య రికార్డు చూసుకునే హక్కుంది, చూపిస్తే ఆయనకి తీవ్రమైన మానసిక హాని కలుగుతుందనో ఇతరులకి ప్రమాదమనో అనిపించిన భాగాన్ని మాత్రమే ఆపొచ్చు.

మాటకి అంత బలముందా అని అడిగేవాళ్ళ కోసం ఒక్కటి చెప్తాను. 2018లో అమెరికాలో అచ్చయిన ఒక స్టడీలో తీవ్రమైన నొప్పులొచ్చే సికిల్ సెల్ అనే రక్తం జబ్బున్న ఊహా పేషెంటు గురించి ఒకే వైద్య సమాచారంతో రెండు నోట్స్ రాశారు, ఒకటి మామూలుగా, ఒకటి చులకన మాటలతో. చులకన నోట్ చదివిన మెడికల్ స్టూడెంట్లకీ రెసిడెంట్లకీ పేషెంటు మీద అభిప్రాయం తగ్గింది, నొప్పికి ఇస్తామన్న మందు కూడా తగ్గింది.

ఈ వారం అభ్యాసం. ఈ వాక్యం తిరగరాయండి: "గతంలో రెండుసార్లు సూసైడ్‌కి పాల్పడ్డాడు, అటెన్షన్ కోసం." మనం నేరాలకి, అవినీతికి వాడే "పాల్పడ్డాడు" ఇక్కడేం చేస్తోందో చూడండి. "అటెన్షన్ కోసం" అన్నది ఎవరు చెప్పారు, ఆయనా, వదినగారా, రాసినవాళ్ళా? ఎప్పుడు జరిగింది, అప్పుడు ఏ కష్టంలో ఉన్నారు, ఎవరు చూశారు, వైద్యం ఏమైంది అన్న ఖాళీలు కనపడతాయి, అవి ఊహించి నింపకండి, "అడగాలి" అని రాసి వదిలెయ్యండి. వచ్చే భాగం ఆ ఖాళీలు ఎలా అడగాలో, ఇంట్లోవాళ్ళు గదిలో ఉన్నప్పుడు ఏం అడక్కూడదో.